పిల్లల ఎగ్జిమాకు స్టెరాయిడ్ క్రీమ్: "పలుచగా" అంటే ఎన్ని వేలికొనలు?

ప్రశ్న: "మా బాబుకు 20 నెలలు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మోకాళ్ల కింద ముందువైపు ఎగ్జిమా. బుగ్గల మీద కూడా కొంచెం ఉంది. డాక్టరు గారు బుగ్గలకు హైడ్రోకార్టిసోన్ 1%, ఒంటికి క్లోబెటాసోన్ బ్యూటిరేట్ 0.05% క్రీమ్ రాసిచ్చారు, రోజుకొకసారి పలుచగా రాయమన్నారు. పలుచగా అంటే ఎంతండీ? వేలికొన కొలత అంటున్నారు, అది బాబు వేలా, నా వేలా? ఎక్కువైతే చర్మం పాడవుతుందని భయంగా ఉంది. 15 గ్రాముల ట్యూబు ఎన్నాళ్లు రావాలి?"

సమాధానం:

మీ వేలేనమ్మా. ఎంత చిన్న పిల్లలకు రాస్తున్నా కొలత మాత్రం పెద్దవాళ్ల చూపుడు వేలితోనే. అరచేయి పైకి తిప్పి చూపుడు వేలు చూడండి. కొనకు దగ్గరగా, అంటే చివరి కణుపు దగ్గర, ఒక అడ్డగీత ఉంటుంది. ట్యూబు మూతిని ఆ గీత దగ్గర పెట్టి, వేలి చివరిదాకా ఒకే ధారగా క్రీమ్ పిండితే వచ్చే పట్టీయే ఒక వేలికొన. ఆడవాళ్ల వేలి మీద అది సుమారు 0.4 గ్రాములు, మగవాళ్ల వేలి మీద 0.5 గ్రాములు. 1991లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో లాంగ్, ఫిన్లే అనే ఇద్దరు చర్మవైద్యులు ఈ కొలతను ప్రవేశపెట్టారు. 1998లో పిల్లలకు వయసును బట్టి లెక్క కట్టారు. ఇప్పుడు అన్నిచోట్లా వాడేది ఆ లెక్కే.

ఒక వేలికొన ఎంత చర్మానికి సరిపోతుందో గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. వేళ్లు దగ్గరగా చేర్చి చెయ్యి చాపినప్పుడు, అరచేయీ వేళ్లూ కలిపి కప్పేంత చోటును ఒక "చెయ్యి" అనుకోండి. ఒక వేలికొన క్రీమ్ రెండు చేతుల చోటుకు వస్తుంది. ఇక్కడ కూడా చెయ్యి పెద్దవాళ్లదే. మీ వేలితో కొలిస్తే మీ చెయ్యి, వాళ్ల నాన్న వేలితో కొలిస్తే ఆయన చెయ్యి. ఆయన పట్టీ పెద్దది, చెయ్యీ పెద్దదే, కాబట్టి ఎవరు రాసినా చర్మం మీద పడే మందు మందం దాదాపు ఒకటే.

ఒక భాగం మొత్తం ఎగ్జిమా ఉన్నప్పుడు ఒక్కసారి రాయడానికి కావలసిన వేలికొనలు ఇవి. చెయ్యి అంటే ఇక్కడ భుజం నుంచి వేళ్లదాకా, కాలు అంటే తొడ నుంచి పాదందాకా. ముఖం, మెడ రెండూ కలిపి ఒక భాగం, ఛాతీ, పొట్ట కలిపి ఒక భాగం, వీపు లెక్కలో పిరుదులు కలిసే ఉన్నాయి.

3 నుంచి 6 నెలలు: ముఖం, మెడ 1, ఒక చెయ్యి 1, ఒక కాలు ఒకటిన్నర, ఛాతీ, పొట్ట 1, వీపు ఒకటిన్నర.
1 నుంచి 2 ఏళ్లు: ముఖం, మెడ ఒకటిన్నర, ఒక చెయ్యి ఒకటిన్నర, ఒక కాలు 2, ఛాతీ, పొట్ట 2, వీపు 3.
3 నుంచి 5 ఏళ్లు: ముఖం, మెడ ఒకటిన్నర, ఒక చెయ్యి 2, ఒక కాలు 3, ఛాతీ, పొట్ట 3, వీపు మూడున్నర.
6 నుంచి 10 ఏళ్లు: ముఖం, మెడ 2, ఒక చెయ్యి రెండున్నర, ఒక కాలు నాలుగున్నర, ఛాతీ, పొట్ట మూడున్నర, వీపు 5.

వయసుల మధ్య ఖాళీలు కనిపిస్తున్నాయి కదా, ఎనిమిది నెలల పాపకో, రెండున్నరేళ్ల బాబుకో ఎంత అని సందేహం వస్తుంది. అలాంటప్పుడు ఈ వరుసలతో కుస్తీ పట్టకుండా చేతి లెక్కకే వెళ్లండి, అది ఏ వయసుకైనా పనిచేస్తుంది. ఇంకో సంగతి. ఈ అంకెలు ఆ భాగం అంతా మచ్చలున్నప్పటివి. మచ్చ లేని మామూలు చర్మానికి స్టెరాయిడ్ రాయకూడదు. మీ బాబులాగా అక్కడక్కడా ఉన్నప్పుడు కూడా చేతి లెక్కే సరైనది.

మీ బాబు లెక్క వేద్దాం. బాబును పడుకోబెట్టి, మీ చెయ్యి మచ్చల పైన ఆనించి కొలవండి. ఒక్కో మోచేతి మడతలో అర చెయ్యి చోటు ఉందనుకుంటే రెండూ కలిపి ఒక చెయ్యి. మోకాళ్ల వెనక అలాగే ఇంకొకటి. మోకాళ్ల కింద ఒక్కో కాలికి ఒక చెయ్యి చొప్పున రెండు. మొత్తం నాలుగు చేతులు, అంటే రెండు వేలికొనలు. మీ వేలితో 0.8 గ్రాములు. రోజుకొకసారి కాబట్టి వారానికి ఐదున్నర గ్రాముల పైచిలుకు. 15 గ్రాముల ట్యూబు సుమారు 18 రోజులు వస్తుంది. డాక్టరు గారు రోజుకు రెండుసార్లు రాసుంటే తొమ్మిది రోజుల్లో అయిపోవాలి. బుగ్గలు రెండూ కలిపి అర చెయ్యి ఉంటే, హైడ్రోకార్టిసోన్ పావు వేలికొన చాలు, గీత నుంచి కొన దాకా ఉన్న పొడవులో నాలుగో వంతు. మీరు కొలిచినప్పుడు మచ్చలు ఇంతకన్నా తక్కువో ఎక్కువో ఉంటే, చేతుల సంఖ్యను రెండుతో భాగించండి, అదే మీ లెక్క.

ఇదే బాబుకు రెండు చేతులూ రెండు కాళ్లూ నిండా రేగిందనుకోండి. పై వరుస ప్రకారం చేతులకు మూడు, కాళ్లకు నాలుగు, మొత్తం ఏడు వేలికొనలు. ఒక్కసారికే 2.8 గ్రాములు, 15 గ్రాముల ట్యూబు ఐదు రోజుల్లో ఖాళీ. అంత త్వరగా అయిపోతుంటే చాలామంది హడలిపోయి, ట్యూబును సాగదీయడానికి మందు తగ్గిస్తారు. అవసరం లేదు, ఆ పిల్లవాడికి అదే సరైన మోతాదు. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకు 5 గ్రాముల ట్యూబు ఒకటి రాసిచ్చి వారం వాడమంటే అది లెక్కకు అందదు, పెద్ద ట్యూబు కావాలని అడగండి.

"పలుచగా" అన్న మాటతో వచ్చే చిక్కు ఇక్కడే. స్టెరాయిడ్ అనగానే భయం, దానికి తోడు పలుచగా అని చెప్పారు, అందుకని వేలికి కాస్త అద్దుకుని నాలుగు చోట్లకూ సాగదీస్తారు. అలా అర వేలికొనను నాలుగు చేతుల చోటుకు పులిమితే పడాల్సిన దానిలో పావు వంతే పడుతుంది. దురద కొంచెం తగ్గుతుంది, మంట ఆరదు. పిల్లవాడు గోకుతూనే ఉంటాడు, గోకిన చోట మళ్లీ రేగుతుంది. వారంలో తగ్గాల్సింది నెలల తరబడి సాగుతుంది. చివరికి లెక్క చూస్తే, సరిగ్గా వారం రోజులు వాడిన దానికన్నా ఎక్కువ మందే ఒంటి మీద పడి ఉంటుంది. ఇంకా పెద్ద ప్రమాదం, "ఈ క్రీమ్ పనిచెయ్యట్లేదు" అనుకుని మందుల షాపులో ఇంకేదైనా ఇమ్మని అడగడం. అక్కడ చేతికొచ్చేది చాలాసార్లు క్లోబెటాసాల్ లాంటి అతి ఘాటైన స్టెరాయిడ్‌కు ఫంగస్ మందూ యాంటీబయాటిక్కూ కలిపిన క్రీమ్. స్పెషలిస్టు చెప్పకుండా అది పసిపిల్లల ఒంటికి తగలకూడదు. వేలికొన లెక్క క్రీమ్ ఎంత అన్నదే చెబుతుంది, ఎంత ఘాటైనది అన్నది చెప్పదు. ఒక వేలికొన హైడ్రోకార్టిసోన్, ఒక వేలికొన క్లోబెటాసాల్ బరువులో ఒకటే, చర్మం మీద చేసే పనిలో హస్తిమశకాంతరం.

ఇప్పుడు ట్యూబు మూతి సంగతి, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. వేలికొన లెక్కంతా 5 మిల్లీమీటర్ల వెడల్పున్న మూతికి కట్టింది. మన దగ్గర దొరికే చిన్న ట్యూబుల్లో మూతి అంతకన్నా సన్నగా ఉండొచ్చు, పైగా కొన్నింటిని మూత వెనక ఉన్న మొనతో పొడిచి తెరవాలి, ఆ కన్నం ఇంకా చిన్నదిగా పడుతుంది. పట్టీ పొడవు అంతే ఉన్నా లావు తగ్గితే బరువు బాగా పడిపోతుంది. మూతి 4 మిల్లీమీటర్లైతే ఒక పట్టీలో వచ్చేది మూడింట రెండు వంతులే. 3 మిల్లీమీటర్లైతే మూడో వంతుకు కాస్త పైన. కాబట్టి స్కూలు పిల్లల స్కేలు ఒకటి తీసుకుని, బయటికి వచ్చిన క్రీమ్ ధార ఎంత లావుందో చూడండి. 5 ఉంటే ఒక వేలికొనకు ఒక పట్టీ. 4 ఉంటే ఒకటిన్నర. 3 ఉంటే పక్కపక్కనే దాదాపు మూడు పట్టీలు పెట్టాలి. గట్టిగా నొక్కితే ధార ఉబ్బుతుంది, మెల్లగా నొక్కి చూడండి. లెక్క సరిగ్గా ఉందో లేదో ట్యూబే చెబుతుంది. 10 గ్రాముల ట్యూబులో మీ వేలికి సుమారు 25 వేలికొనలు రావాలి. రాసిన ప్రతిసారీ క్యాలెండర్ మీద ఎన్ని వేలికొనలో వేసుకోండి. ట్యూబు అయిపోయేసరికి 40, 50 లెక్క వచ్చిందంటే పట్టీ సన్నగా పడుతోందని, బాబుకు సగం మందే అందుతోందని అర్థం. 15 దగ్గరే అయిపోతే లావుగా పిండుతున్నారు.

క్రీమైనా ఆయింట్‌మెంటైనా ఈ కొలత పనికొస్తుంది. లోషన్‌కు పనికిరాదు, అది వేలి మీద నిలవదు.

రాసే పద్ధతి. చేతులు కడుక్కుని తుడుచుకోండి. ముందుగా కావలసినన్ని పట్టీలు వేలి మీద తీసుకుని, ఆ మచ్చ మీద అక్కడక్కడా చుక్కలుగా పెట్టండి, తర్వాత వెంట్రుకలు వాలి ఉన్న వైపుగా నెమ్మదిగా పరచండి. చుక్కలు పెట్టకుండా ఒకే చోట వేసి సాగదీస్తే మొదలుపెట్టిన చోట మందంగా, అంచుల్లో ఏమీ లేకుండా పోతుంది. ఎగ్జిమా మళ్లీ రేగేది చాలాసార్లు ఆ అంచుల నుంచే. రాసిన చర్మం తడి మెరుపుతో కనిపించాలి. తెల్లగా పూతలా మిగిలితే ఎక్కువైంది. రాసిన వెంటనే పొడిగా కనిపిస్తే తక్కువైంది. అలాగని పూర్తిగా ఇంకిపోయేదాకా రుద్దకండి, రుద్దుడుకే మంట పుడుతుంది. అయ్యాక మీ చేతులు కడిగేసుకోండి. మాయిశ్చరైజర్ వెంటనే రాస్తే స్టెరాయిడ్ పలుచనై మామూలు చర్మానికి కూడా పాకుతుంది, అందుకని రెండింటికీ మధ్య అరగంట వదలండి. ఏది ముందు అన్నది పెద్ద విషయం కాదు. మాయిశ్చరైజర్‌కు మాత్రం వేలికొన లెక్క వర్తించదు. దాన్ని ఒళ్లంతా, ధారాళంగా, రోజుకు ఎన్నిసార్లైనా రాయొచ్చు. స్టెరాయిడ్ గ్రాముల్లో అయితే మాయిశ్చరైజర్ వందల గ్రాముల్లో అయిపోవాలి.

కొన్ని చోట్ల అదే మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. చంకలు, గజ్జలు, మెడ మడతలు, కనురెప్పలు, డైపర్ కింద చర్మం. డైపర్ బిగించి ఉంచితే క్రీమ్ మీద మూతపెట్టినట్టే, ఎన్నో రెట్లు ఇంకుతుంది. కాబట్టి పైన చెప్పిన వీపు లెక్కలో పిరుదులు ఉన్నాయి కదా అని డైపర్ వేసే పిల్లలకు అక్కడ రాయకండి, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప. రెప్పల మీదా అంతే. ఒంటి క్రీమ్ మిగిలింది కదా అని బుగ్గలకు రాయొద్దు, రెండు ట్యూబుల మీదా స్కెచ్ పెన్‌తో "ముఖం", "ఒళ్లు" అని రాసిపెట్టుకుంటే అమ్మమ్మ రాసినా నాన్న రాసినా తారుమారు కాదు.

ఎప్పుడు ఆపాలి అన్నది మీరు అడగలేదు కానీ, కొలత సరిగ్గా ఉన్నా ఇక్కడ తప్పటడుగు పడుతుంది. పుస్తకాల్లో ఎర్రదనం తగ్గేదాకా అని ఉంటుంది. మన పిల్లల చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు సరిగ్గా కనపడదు, బూడిద రంగుగానో ఊదాగానో నల్లగానో ఉంటుంది. అందుకని కంటితో కాదు, వేలితో చూడాలి. కళ్లు మూసుకుని మీ చూపుడు వేలిని పక్కనున్న మంచి చర్మం మీంచి మచ్చ మీదికి మెల్లగా జరపండి. ఎక్కడ గరుకు మొదలైందో, ఎక్కడ చర్మం దళసరిగా, వేడిగా తగిలిందో వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ గరుకు పోయి, పక్క చర్మం లాగే నున్నగా తగిలి, పిల్లవాడు గోకడం మానేశాడంటే మంట ఆరినట్టే. ఆ తర్వాత ఇంకో రెండు రోజులు రాసి ఆపండి. సాధారణంగా ఇదంతా వారం నుంచి రెండు వారాల్లో అయిపోతుంది. మంట ఆరాక కూడా అక్కడ నల్లని మచ్చో తెల్లని మచ్చో వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతుంది. తెల్లమచ్చ చూసి స్టెరాయిడ్ వల్లే వచ్చిందని కంగారుపడతారు. చాలామంది పిల్లల్లో అది ఎగ్జిమా వదిలి వెళ్లిన గుర్తు, దానంతట అదే రంగు కలుస్తుంది. నల్లమచ్చ పోవాలని స్టెరాయిడ్ కొనసాగించడం మాత్రం పొరపాటు. రంగుకు స్టెరాయిడ్ మందు కాదు.

ఆపిన కొద్ది రోజులకే మళ్లీ మళ్లీ అదే చోట రేగుతుంటే, వారంలో వరుసగా రెండు రోజులు మాత్రమే ఆ చోట్లకు రాసే పద్ధతి ఒకటుంది. మొత్తంగా మందు తక్కువ పడుతుంది, రేగడం కూడా తగ్గుతుంది. దాన్ని మీకై మీరు మొదలుపెట్టకండి, నెలకు ఎన్నిసార్లు రేగుతోందో ఆ క్యాలెండర్ తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించండి.

చర్మం పాడవుతుందన్న మీ భయం గురించి. చర్మం పలుచబడటం నిజంగానే జరుగుతుంది, కానీ ఎలాంటప్పుడంటే ఘాటైన స్టెరాయిడ్‌ను ఒకే చోట, ముఖ్యంగా ముఖం మీదో మడతల్లోనో, విరామం లేకుండా వారాలు, నెలలు రాసినప్పుడు. చర్మం సిగరెట్ కాగితంలా పలుచబడి మెరవడం, సన్నని రక్తనాళాలు దారాల్లా కనిపించడం, గజ్జల్లో, చంకల్లో చారలు పడటం దాని గుర్తులు. మీకు రాసిచ్చిన రెండూ ఆ కోవలోవి కావు. హైడ్రోకార్టిసోన్ 1% మెతక రకం, క్లోబెటాసోన్ బ్యూటిరేట్ మధ్యరకం. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి షాపులో క్లోబెటాసోన్ బదులు క్లోబెటాసాల్ ఇచ్చేస్తే గమనించరు, ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివి తీసుకోండి. ఈ పొరపాటు జరిగితే వేలికొన లెక్క ఎంత సరిగ్గా ఉన్నా పిల్లవాడిని కాపాడదు.

కొలిచి, రోజూ రాసి, వారం నుంచి రెండు వారాలు దాటినా గరుకు తగ్గలేదంటే మోతాదు పెంచకండి, అది వేరే జబ్బు కావచ్చు. అంచు లేచి, మధ్యలో నయమైనట్టు గుండ్రంగా పాకుతుంటే ఫంగస్. స్టెరాయిడ్ రాస్తే దాని దురద తగ్గి, చాటుగా ఇంకా పాకుతుంది. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లోనూ అరచేతుల్లోనూ పొక్కులుండి, ఇంట్లో మిగతావాళ్లు కూడా గోక్కుంటుంటే గజ్జి అయ్యుంటుంది, దానికి ఇంటిల్లిపాదికీ ఒకేసారి వేరే మందు వాడాలి. మచ్చలు చెమ్మ కారి, తేనె రంగు పక్కులు కడితే చీము పట్టినట్టు, ఒకటి రెండు రోజుల్లో చూపించండి. ఒకే సైజు చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి గుండ్రని పుండ్లయి, పిల్లవాడు నొప్పితో ఏడుస్తూ జ్వరంతో డీలాపడితే అది ఎగ్జిమా మీద సోకిన హెర్పిస్ కావచ్చు. కంటి దగ్గరగా ఉంటే మరీ ప్రమాదం. అప్పుడు క్రీమ్ ఆపి, మర్నాటికి వాయిదా వెయ్యకుండా అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి.